మీరు ఉదహరించిన పేపర్ ఇంకా నిలిచే ఉందా?

తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నా ఉద్యోగం. థీసిస్ సమర్పించే రోజులు దగ్గరపడితే పరిశోధక విద్యార్థులు రిఫరెన్సుల జాబితా పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తారు. కామాలు, ఫుల్‌స్టాపులు సరిచూడమని అడుగుతారు. ఆ జాబితాలోని పేపర్లలో ఎన్ని ఇంకా చెల్లుతున్నాయో చూడమని మాత్రం ఎవరూ అడగరు.

కిందటేడు గృహవిజ్ఞానంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. చిత్తూరు వైపు మెట్ట గ్రామాల్లో వేరుశనగ తినే అలవాట్ల మీద ఆమె పని. సమీక్ష అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. దాని సారం ఇది: "గింజపప్పులు చేర్చిన మధ్యధరా ఆహారం గుండెజబ్బులను దాదాపు 30 శాతం తగ్గించింది." పక్కనే రిఫరెన్సు: న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్, 2013. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ పరీక్ష ఫలితం అది.

"అమ్మా, ఈ పేపర్ ఉపసంహరించారని తెలుసా?" అని అడిగాను.

ఆమె సంచిలోంచి ప్రింటు తీసి చూపించింది. పసుపు మార్కరుతో గీతలు, అంచుల్లో పెన్సిలు రాతలు. "ఇందులో ఎక్కడా లేదు సార్. మా సీనియర్ పెన్‌డ్రైవులో ఇచ్చారు" అంది.

ఆమె తప్పేమీ లేదు. ఉపసంహరణ ప్రకటన వెలువడ్డాక ప్రచురణకర్త తన సైటులోని ప్రతిని మారుస్తాడు, చాలాచోట్ల పేజీల మీద అడ్డంగా ముద్ర కూడా వేస్తాడు. అంతకుముందు దించుకున్న పీడీఎఫ్ మాత్రం పెన్‌డ్రైవులో ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. గూగుల్ స్కాలర్ ఫలితాల్లో ఆ గుర్తు కనిపిస్తుందని నమ్ముకోవడానికి లేదు. ఇతరులు ఎక్కించిన ప్రతుల సంగతీ అంతే. అందుకే చూడాల్సింది పీడీఎఫ్‌ను కాదు, ఆ పేపర్ నమోదు రికార్డును.

మొదటి పని: డీఓఐలు పోగుచేయడం

పేపర్లలో చాలావాటికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐ. తనిఖీ అంతా దీని మీదే నడుస్తుంది. పేరు పెట్టి వెతికితే దాదాపు ఒకే శీర్షికతో రెండు పేపర్లు తగలవచ్చు. ప్రెడిమెడ్ విషయంలో సరిగ్గా అదే చిక్కు, దాని గురించి తర్వాత చెబుతాను. జాబితాలో డీఓఐ లేని రిఫరెన్సులు ఉంటే, పేపర్ల డీఓఐలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ వెతుకుడు పేజీ search.crossref.org లో శీర్షిక పెడితే చాలావరకు దొరుకుతాయి. దొరికిన దాని సంవత్సరం, సంపుటం, పేజీలు మీ జాబితాతో సరిపోయాయో చూసుకున్నాకే రాసుకోండి. పాత పుస్తకాలకు, కొన్ని స్థానిక జర్నళ్లకు డీఓఐ ఉండదు. వాటిని వేరే కాగితం మీద పెట్టుకుని, ఆయా జర్నల్ సైటులో ఒక్కొక్కటిగా చూడాలి. అడ్డదారి లేదు.

రెండో పని: ఒక్క పేపర్‌ను చేత్తో చూడడం

అన్నింటినీ ఒకేసారి వడపోసే పద్ధతి ఉంది. దానికి ముందు ఒక్క పేపర్‌నైనా చేత్తో చూడండి. ఏది ఎక్కడ కనిపిస్తుందో కంటికి అలవాటవుతుంది. మేమిద్దరం ప్రెడిమెడ్‌తోనే మొదలుపెట్టాం. బ్రౌజరులో ఇలా కొట్టాం:

```
https://doi.org/10.1056/NEJMoa1200303
```

డీఓఐ మనల్ని ప్రచురణకర్త పేజీకి తీసుకువెళ్తుంది. ఉపసంహరణ గుర్తు అక్కడ వ్యాసం పైభాగంలో ఉంటుంది. కొన్ని ప్రచురణ సంస్థలు శీర్షిక ముందే RETRACTED అని చేరుస్తాయి. కొన్ని పేజీల్లో Check for updates అనే చిన్న బొత్తాం ఉంటుంది, నొక్కితే సవరణలు, ఉపసంహరణలు ఉన్నాయో లేదో చెబుతుంది. ఇక్కడొక మాట. శీర్షిక ముందు వచ్చిన ఆ RETRACTED ను "ఎవరో పొరపాటున టైపు చేశారు" అనుకుని తుడిచేసి, మిగతా రిఫరెన్సును శుభ్రంగా సర్దిపెట్టిన ఒక విద్యార్థిని నేనెరుగుదును. నవ్వొచ్చింది గానీ, ఆ పదం అక్కడ ఎందుకుందో అతనికి ఎవరూ చెప్పలేదు కదా.

వైద్యం, పోషణ, జీవశాస్త్రాల పేపరైతే ఆ రంగాల పేపర్ల సూచిక పబ్‌మెడ్‌లో కూడా చూడండి. ఉపసంహరించిన పేపర్‌కు అక్కడ హెచ్చరిక పట్టీ ఉంటుంది, ప్రకటనకు లంకె ఉంటుంది. ఒక అంశం మీద ఉపసంహరించినవి ఏమున్నాయో తెలియాలంటే వెతుకుడు పెట్టెలో అంశం పక్కన దీన్ని చేర్చాలి:

```
peanut AND "retracted publication"[pt]
```

మూడో చోటు రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్. ఇవాన్ ఒరాన్స్కీ, ఆడమ్ మార్కస్ అనే ఇద్దరు 2010లో బ్లాగుగా మొదలుపెట్టిన పని ఇది. ప్రచురణకర్తలు చడీచప్పుడు లేకుండా వెనక్కు తీసుకున్న పేపర్లను కూడా వెతికి పట్టి నమోదు చేస్తూ వచ్చారు. 2023లో క్రాస్‌రెఫ్ ఆ డేటాబేస్‌ను తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. మూడు చోట్లా ఎందుకంటే, ప్రచురణకర్త తన పేజీ మార్చి క్రాస్‌రెఫ్‌కు చెప్పకపోవచ్చు. పబ్‌మెడ్‌లో లేని జర్నళ్లు వేలల్లో ఉన్నాయి. ఒకచోట ఏమీ కనిపించకపోతే ఆ ఒక్కచోట లేదని మాత్రమే అర్థం.

జాబితా మొత్తాన్ని ఒకేసారి వడపోయడం

ఆ అమ్మాయి జాబితాలో 140కి పైగా రిఫరెన్సులు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూస్తే రెండు రోజులు పడుతుంది. ఇలాంటప్పుడు చాలామందికి నేను చెప్పే దారి జొటేరో, రిఫరెన్సులను సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్. ఉచితం, కంప్యూటర్ ప్రవేశం పెద్దగా అక్కరలేదు. మంత్రదండం గుర్తు నొక్కి డీఓఐల వరుసను అందులో అతికిస్తే పేపర్లన్నీ లైబ్రరీలోకి వచ్చేస్తాయి. 2019 నుంచి జొటేరో రిట్రాక్షన్ వాచ్ సమాచారాన్ని వాడుతోంది. ఉపసంహరించిన పేపర్ ఉంటే ఎర్ర పట్టీతో చూపిస్తుంది, ఎడమవైపు Retracted Items అని వేరే గుంపు కడుతుంది, వర్డ్‌లో ఆ రిఫరెన్సు పెట్టబోతే అడ్డుపడి అడుగుతుంది కూడా. ఇది డీఓఐ, లేదంటే పబ్‌మెడ్ సంఖ్య ఉన్నవాటినే పోల్చగలదు. చేత్తో టైపు చేసి ఆ గడి ఖాళీగా వదిలేసిన రిఫరెన్సు ఎన్నేళ్లయినా పచ్చగానే కనిపిస్తుంది. ఎర్ర పట్టీ లేదని సంతోషపడే ముందు డీఓఐ గడి నిండి ఉందో లేదో చూడండి.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు ఇంకో దారి. క్రాస్‌రెఫ్ రిట్రాక్షన్ వాచ్ పట్టికను మొత్తంగా ఒక ఫైలుగా gitlab.com/crossref/retraction-watch-data లో పెడుతుంది. దాన్ని దించుకుని, మీ డీఓఐలను వరుసకు ఒకటి చొప్పున dois.txt అనే ఫైలులో పెట్టి, ఇలా పోల్చాలి:

```
grep -i -F -f dois.txt retraction_watch.csv
```

ఇందులో నన్ను రెండుసార్లు బోల్తా కొట్టించిన సంగతులు చెబుతాను. మొదటిసారి స్క్రీను మీద వేల వరుసలు జలపాతంలా దిగాయి. నా ఫైలు చివర ఒక ఖాళీ వరుస ఉండిపోయింది. ఖాళీ వరుస అన్నింటితోనూ సరిపోతుంది, అందుకే పట్టికంతా వచ్చేసింది. రెండోసారి ఒక్కటీ రాలేదు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో చేసిన ఫైలులో ప్రతి వరుస చివరా కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. దాని వల్ల ఏదీ సరిపోలేదు. మొదటిది మేలు, తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది. రెండోది మోసం చేస్తుంది, "అన్నీ బాగున్నాయి" అన్నట్టు కనిపిస్తుంది. అప్పటి నుంచి నేను dois.txt లో ప్రెడిమెడ్ డీఓఐను కూడా కావాలనే చేరుస్తాను. అది పట్టుబడితే వల బాగున్నట్టు, పట్టుబడకపోతే వలకే చిల్లు పడినట్టు.

వరుస దొరికాక RetractionNature అనే గడి చూడండి. ఈ పట్టికలో ఉపసంహరణలతో పాటు సవరణలు, ఆందోళన ప్రకటనలు కూడా ఉంటాయి. Correction అంటే ఏదో ఒక సంఖ్యో పట్టికో దిద్దారు, పేపర్ నిలిచే ఉంది. Expression of concern అంటే సంపాదకులకు అనుమానం వచ్చింది, విచారణ తేలలేదు. Retraction అంటేనే ఉపసంహరణ. మూడింటికీ మీ డ్రాఫ్టులో చేయాల్సింది వేరువేరు.

పోషణ, ఆహార విజ్ఞానం వాళ్లు ఈ వడపోతను అసలు వదలకూడదు. ప్రపంచవ్యాప్తంగా 2023లో ఉపసంహరణలు పదివేలు దాటాయి. అందులో ఎనిమిది వేలకు పైగా హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థ జర్నళ్లవి, ఎక్కువగా ప్రత్యేక సంచికల్లో వచ్చినవి. మీ జాబితాలో ఆ సంస్థ పేపర్లు అరడజను ఉంటే ముందు వాటినే చూడండి.

ప్రకటనను చదవడం

ఎర్ర పట్టీ కనబడగానే రిఫరెన్సు కొట్టేసి చేతులు దులుపుకోవడం చాలామంది చేసే పని. నాకు అది నచ్చదు. ఉపసంహరణ ప్రకటన సాధారణంగా ఒకటి రెండు పేజీలు, ఉచితంగా చదవనిస్తారు. అందులో మూడు విషయాలు వెతకాలి. ఏది చెడింది? ఎంతవరకు చెడింది? దాని స్థానంలో ఇంకోటి వచ్చిందా?

రెండు ప్రకటనలను పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 2020 మేలో లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల కోవిడ్ రోగులకు కీడే జరుగుతుందని ఒక పేపర్ వచ్చింది. సర్జిస్ఫియర్ అనే కంపెనీ దగ్గర ఉన్నాయన్న ఆసుపత్రి రికార్డుల మీద ఆధారపడింది. ఆ రికార్డులను స్వతంత్రంగా పరిశీలించనివ్వమంటే కంపెనీ ఇవ్వలేదు. పక్షం రోజులు తిరగకముందే ముగ్గురు రచయితలు పేపర్‌ను వెనక్కు తీసుకున్నారు. ఇక్కడ మిగిలిందేమీ లేదు. డేటా ఉందో లేదో తెలియనప్పుడు దానిలోంచి ఒక్క సంఖ్యను కూడా తీసుకోలేం.

ప్రెడిమెడ్ కథ వేరు. 7,447 మందిని మూడు ఆహార వర్గాలుగా చీట్లు తీసినట్టు విడదీయాలి. 2017లో జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తు వైద్యుడు వేల కొద్దీ పరీక్షల్లో వర్గాల సంఖ్యలను గణితంతో పరిశీలించి, అనుమానం కలిగించిన వాటిని చూపించాడు. ప్రెడిమెడ్ అందులో ఉంది. రచయితలు తమ రికార్డులను తిరగేశారు. కొన్నిచోట్ల ఒకే ఇంట్లో రెండో మనిషిని చీటీ తీయకుండా మొదటి మనిషి వర్గంలోనే వేశారు. ఒక కేంద్రంలో మనుషులకు బదులు క్లినిక్‌కు క్లినిక్‌నే ఒక వర్గంలో పెట్టారు. మోసం చేశారని ఎవరూ అనలేదు, చీట్లు తీసిన పద్ధతి చెడింది. 2018 జూన్‌లో అదే జర్నల్ పాత పేపర్‌ను ఉపసంహరించి, మళ్లీ విశ్లేషించిన పేపర్‌ను పాత శీర్షిక చివర కొన్ని మాటలు చేర్చి, కొత్త డీఓఐతో ప్రచురించింది. నేను ముందే చెప్పిన చిక్కు ఇదే. పేరు పెట్టి వెతికితే రెండూ కనిపిస్తాయి, ఏది పాతదో శీర్షికను బట్టి తేలిగ్గా తేలదు. చివర 1200303 ఉన్నది ఉపసంహరించినది, 1800389 ఉన్నది కొత్తది. రిట్రాక్షన్ వాచ్ పట్టికలో ఇలాంటి వాటికి కారణాల గడిలో Retract and Replace అని రాస్తారు.

డ్రాఫ్టులో వాక్యాన్ని పట్టుకోవడం

ఆ అమ్మాయి మొదట చేయబోయిన పని పాత డీఓఐ తీసేసి కొత్తది పెట్టడం. "ఆగు, ముందు రెండు పేపర్ల ముగింపు వాక్యాలూ పక్కపక్కన పెట్టు" అన్నాను.

సంఖ్యలు పెద్దగా మారలేదు. గింజపప్పుల వర్గంలో ప్రమాద నిష్పత్తి పాతదానిలో 0.72, కొత్తదానిలోనూ 0.72. ఆలివ్ నూనె వర్గంలో 0.70 కాస్తా 0.69 అయింది. అనుమానం ఉన్న 1,588 మందిని తీసేసి లెక్కించినా ఫలితం అలాగే ఉందని కొత్త పేపర్ చెబుతుంది. మారింది క్రియాపదం. 2013 ముగింపు ఆ ఆహారం గుండెపోటు, పక్షవాతం వంటి వాటిని "తగ్గించింది" అంటుంది. 2018 ముగింపు ఆ ఆహారం ఇచ్చిన వర్గంలో అవి ఆహారంలో కొవ్వు తగ్గించుకోమని చెప్పిన వర్గంలో కంటే "తక్కువగా ఉన్నాయి" అని ఆగిపోతుంది. చీట్లు సరిగ్గా పడనప్పుడు తేడాకు కారణం ఆహారమేనని గట్టిగా చెప్పలేం గనుక రచయితలే స్వరం తగ్గించారు. డీఓఐ మార్చి "తగ్గించింది" అన్న మాటను అలాగే ఉంచితే, కొత్త పేపర్ అనని మాటను దాని నోట పెట్టినట్టవుతుంది.

కాబట్టి ఆమె వాక్యం ఇలా మారింది: "స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో, గింజపప్పులు చేర్చిన మధ్యధరా ఆహారం తీసుకున్న వర్గంలో గుండెపోటు, పక్షవాతం వంటివి నియంత్రణ వర్గంలో కంటే తక్కువగా నమోదయ్యాయి." 2018 పేపర్‌ను తెరిచి చదువుతుంటే ఇంకో సంగతి బయటపడింది. రోజుకు ఇచ్చిన 30 గ్రాముల గింజపప్పులు అక్రోటు, బాదం, హేజెల్‌నట్. వేరుశనగ అందులో లేదు. ఆ వాక్యాన్ని చిత్తూరు వేరుశనగకు ఆధారంగా వాడుకోవడం ఉపసంహరణ లేకపోయినా కుదరదు. ఆమె ఆ పేరాను కిందికి దించి, వేరుశనగనే పరిశీలించిన పేపర్లను పైకి తెచ్చుకుంది.

అన్ని సందర్భాల్లో కొత్త పేపర్ సిద్ధంగా ఉండదు. సర్జిస్ఫియర్ లాంటిదైతే ముందు ఆ రిఫరెన్సు తీసేసి వాక్యం చదవండి. పక్కన ఇంకో రెండు పేపర్లు అదే మాట చెబుతుంటే వాక్యం నిలుస్తుంది. వాటిని తెరిచి, అవి కూడా ఉపసంహరించిన దాని మీదే ఆధారపడ్డాయేమో చూడాలి. ఇంకే ఆధారమూ లేకపోతే వాక్యాన్నే తీసేయాలి. "కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నాయి" అని మెత్తగా మార్చి, రిఫరెన్సు లేకుండా వదిలేయడం అన్నింటికంటే పాడు పని. దానికి ఆధారం ఏమిటని పరీక్షకులు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఉపసంహరణ గురించే రాయాల్సి వస్తే పాత పేపర్‌ను ఉదహరించవచ్చు. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం కూడా అదే చెబుతుంది: ఉపసంహరణను ప్రస్తావించే సందర్భంలో తప్ప అలాంటి పేపర్లను ఉదహరించకుండా చూసుకోవడం రచయితల బాధ్యత. అప్పుడు వాక్యంలోనే "తర్వాత ఉపసంహరించిన" అని రాయాలి, రిఫరెన్సులోనూ గుర్తు పెట్టాలి. వాంకూవర్ శైలిలో అయితే ఇలా:

```
Estruch R, Ros E, Salas-Salvadó J, et al. Primary prevention of
cardiovascular disease with a Mediterranean diet. N Engl J Med.
2013;368(14):1279-90. Retraction in: N Engl J Med.
2018;378(25):2441-2.
```

ఆందోళన ప్రకటన ఉన్న పేపర్‌ను కొట్టేయనక్కరలేదు. దాని మీదే అధ్యాయం నిలబడకుండా చూసుకోండి, అనుమానం సంగతి ఒక్క మాటలో చెప్పండి. సవరణ అయితే మీరు తీసుకున్న సంఖ్య దిద్దిన పట్టికలోదేనా అని చూస్తే సరిపోతుంది.

కంటపడని దారి: సమీక్షల ద్వారా వచ్చేవి

మీ జాబితాలో ఉపసంహరించినది ఒక్కటీ లేకపోయినా, మీరు ఉదహరించిన మెటా విశ్లేషణలో, అంటే పలు పరీక్షల ఫలితాలను కలిపి లెక్కించిన పేపర్‌లో ఉండవచ్చు. ఏ సాధనమూ దీనికి ఎర్ర పట్టీ వేయదు, ఎందుకంటే ఆ విశ్లేషణ ఉపసంహరించినది కాదు. దీని బరువెంతో తెలియాలంటే యోఆఖిమ్ బోల్ట్ ఉదంతం చూడాలి. ఈ జర్మన్ మత్తు వైద్యుడి పేపర్లు పెద్ద సంఖ్యలో ఉపసంహరణకు గురయ్యాయి. రక్తనాళాల్లోకి ఎక్కించే హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ ద్రావణం మీద 2013లో జామా అనే వైద్య జర్నల్‌లో వచ్చిన మెటా విశ్లేషణ అతని ఏడు పరీక్షలను కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కించింది. కలిపినప్పుడు మరణాల తేడా స్పష్టంగా తేలలేదు. తీసేశాక ఆ ద్రావణం వాడినవారిలో మరణాలు ఎక్కువని తేలింది.

అందుకని మీ వాదనకు మూలస్తంభాల్లాంటి రెండు మూడు సమీక్షలను ఎంచుకోండి. వాటి ఫలితాల పటంలో పేర్లున్న పరీక్షల డీఓఐలను రాసుకుని అదే వడపోతలో వేయండి. ఒకటి పట్టుబడితే ఆ పటంలో దాని బరువు ఎంత శాతమో చూడండి. అది చిన్నదై, మిగతావన్నీ ఒకే వైపు ఉంటే ఒక వాక్యంలో ఆ సంగతి చెప్పి ముందుకు పోవచ్చు. పెద్దదైతే ఆ సమీక్షను వదిలి, తర్వాతి కాలపు సమీక్ష కోసం వెతకాలి. మెటా విశ్లేషణ మీరే చేస్తున్నట్లయితే ఆ పరీక్షను తీసి మళ్లీ లెక్కించి, ఎన్ని తీశారో, ఎందుకు తీశారో పద్ధతుల విభాగంలో రాయాలి.

ఎప్పుడు చూడాలి

పేపర్ చదివి నోట్సు రాసుకునే రోజు ఒకసారి, సమర్పించే వారంలో ఒకసారి. పేపర్ వచ్చిన అయిదేళ్లకు, పదేళ్లకు కూడా ఉపసంహరిస్తారు, కాబట్టి మొదటి తనిఖీతో సరిపెట్టుకోలేం. చూసిన తేదీ నోట్సులో వేసుకోండి. జర్నల్ అంగీకరించి ప్రూఫు పంపాక బయటపడితే ప్రూఫులోనే దిద్ది, సంపాదకులకు ఒక ఉత్తరంలో కారణం రాయండి. అచ్చయ్యాక తెలిస్తే, మీ ఫలితం దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు సవరణ ప్రచురించమని అడగాలి. థీసిస్ విషయంలో ముందు గైడుకు చెప్పండి. దాచిపెడితే మౌఖిక పరీక్షలో బయటపడుతుంది.

ఆ అమ్మాయి సమర్పణకు నాలుగు రోజుల ముందు మళ్లీ వచ్చింది. పట్టికను కొత్తగా దించుకుని వడపోశాం. నేను ఎరగా పెట్టిన ప్రెడిమెడ్ కాక ఇంకో వరుస తగిలింది. Correction. రెండో పట్టికలో నిలువు వరుసల శీర్షికలు తారుమారయ్యాయట. ఆమె నోట్సు తిరగేసి, తను వాడింది నాలుగో పట్టిక అని చూపించింది. మార్జినులో ఆ రోజు తేదీ వేసుకుని, నా బల్ల మీదున్న పెన్‌డ్రైవు తీసుకుని వెళ్లిపోయింది.